చక్రం యాడికెళ్లి వచ్చింది?

చెప్పులు మెట్ల దగ్గర వదిలి లోపలికి రండి. హనుమాండ్ల గుడి మండపంలో ట్యూబ్‌లైటు కింద రెండు చాపలు పరిచి ఉన్నాయి. గోడకు ఆనుకుని కూర్చోండి. బండ చల్లగా ఉంటుంది, దుప్పటి మడత పెట్టి కింద వేసుకోండి. ధనుర్మాసం కదా, మొగుడంపల్లిలో చీకటి పడగానే చలి మొదలవుతుంది. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు పోతున్నాయి. ఒక్కొక్కటి దాటిపోయేదాకా హార్మోనియం సారు వేళ్ళు ఆపి, చప్పుడు తగ్గాక మళ్ళీ అందుకుంటారు.

చాప మధ్యలో పెద్ద పుస్తకం తెరిచి ఉంది, అంచులు నలిగిన పోతన భాగవతం. అష్టమ స్కంధం దగ్గర మాత్రం కాగితాలు పసుపు పచ్చబడి, పద్యాల పక్కన పెన్సిలు గీతలు కనిపిస్తాయి. పుస్తకానికి అటు సారు, ఇటు తాత. సారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తాత బడికి పోయింది తక్కువే, కానీ గజేంద్ర మోక్షం ఆసాంతం నోటికి వచ్చు. డోలక్ ముందు పెట్టుకున్న పిల్లవాడు, తాళాలు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఫోనులో స్టాప్‌వాచీ తెరిచి కూర్చున్న డిగ్రీ చదివే అమ్మాయి. మండలి మొత్తం ఇంతే.

సమస్య ఏమిటంటే, ముక్కోటి ఏకాదశి నాడు జహీరాబాద్‌లో పాడటానికి వీళ్ళకు దొరికింది 20 నిమిషాలు. వీళ్ళు పాడేదేమో గజేంద్ర మోక్షం. పోతన పద్యాలూ వచనాలూ కలిపితే అది వంద దాటుతుంది. ఊళ్ళో ఏకాదశి రాత్రి తీరుబడిగా పాడుకుంటే రెండు గంటలు ఎటు పోయాయో తెలియదు.

"సగం కోసినా గంట ఉంటది," అంటాడు తాత. "నాలుగు పద్యాలు మంచియి పాడి దండం పెట్టొద్దాం సారూ."

నాలుగు మంచి పద్యాలు ఏరుకుని పాడటం తేలికే. తెలుగువాళ్ళలో చాలామందికి గజేంద్ర మోక్షం అంటే ఆ నాలుగే తెలుసు. కానీ ఆ వేదిక ముందు కూర్చునేవాళ్ళలో కన్నడం మాట్లాడేవాళ్ళుంటారు, ఉర్దూ కలిసిన తెలుగువాళ్ళుంటారు, కథ ఎప్పుడూ విననంత చిన్న పిల్లలుంటారు. వాళ్ళకు ఏనుగు నీళ్ళలోకి ఎందుకు దిగిందో, ఎవరిని పిలిచిందో, ఎవరు వచ్చారో తెలియాలి. సారు పట్టు అదే. పద్యాలు ఎన్ని పోయినా సరే, కథ మాత్రం ఉండాలంటారు.

మొదటి పని కొలత. అమ్మాయి ఒక్కో రకం పద్యానికి లెక్క రాసుకుంటోంది. రాగం సాగదీయకుండా పాడితే కందానికీ ఆటవెలదికీ 40 సెకన్లు. శార్దూలమో మత్తేభమో అయితే నిమిషం దాటుతుంది. అదే తాత పాడితే నిమిషంన్నర, ఎందుకంటే నాలుగో పాదం చివర గాలి అయిపోయేదాకా ఆయన కిందికి దిగడు. సీసం, కింద ఎత్తుగీతితో కలిపి రెండు నిమిషాలు. ఎవరికి ఇష్టమైనవి వాళ్ళు పెన్సిలుతో టిక్కు పెట్టారు. కూడితే 31 నిమిషాలొచ్చింది. నడుమ చెప్పే మాటలు అందులో లేవు.

"పదకొండు నిమిషాలు దీసేయాలె తాతా," అంటుంది అమ్మాయి.

"నా గొంతుల పడి తియ్యి," అంటాడు తాత. అందరూ నవ్వుతారు. పెన్సిలు మాత్రం సారు చేతిలోనే ఉంది.

మొదట పోయేది అడవి. పరీక్షిత్తు శుకుణ్ణి అడుగుతాడు, నీటిలో తిరిగే జంతువుకూ అడవిలో తిరిగే జంతువుకూ పోరెలా వచ్చిందని. ఆ చిన్న కందం ఉంచారు. ప్రశ్నతో మొదలైతే వినేవాడు సర్దుకుని కూర్చుంటాడు. దాని తరువాత పాలసముద్రం నడుమ త్రికూట పర్వతం, బంగారు వెండి ఇనుప శిఖరాలు, అక్కడి చెట్లు, పిట్టలు, గుహల్లోంచి గుంపులుగా వెలువడే ఏనుగులు, వాటి నడకలు, పిల్ల ఏనుగుల గునుపులు, దాహం, దారి తప్పడం, సరస్సు, ఆ సరస్సులో తామరలు. ఇవన్నీ ఒక్క నిమిషం మాటల్లోకి దిగిపోవాలి.

పెన్సిలు ఒక పద్యం దగ్గర ఆగింది. గజరాజు తొండంలోకి నీళ్ళు లాగి పైకి చిమ్మితే, ఆ నీళ్ళతో పాటు ఎగిరిన మొసళ్ళూ ఎండ్రకాయలూ చేపలూ పోయి ఆకాశంలో ఉన్న కర్కాటక, మీన రాశులను పట్టుకున్నాయట. డోలక్ పిల్లవాడికి అది ప్రాణం.

"ఇది తీస్తే నేను రాను సారూ."

"రాకపోతే డోలక్ నేను కొడతా," అంటారు సారు, నవ్వకుండా. పద్యం పక్కన అడ్డగీత పడింది. నాకూ కాస్త గుండె కలుక్కుమంది. కానీ ఆ పద్యం లేకపోతే కథలో ఎవరికీ ఏ లోటూ రాదు. సారు ఒక్కో పద్యానికీ పెట్టే పరీక్ష అదే. ఇది తీసేస్తే తరవాత పాడే పద్యాల్లో ఏదైనా అర్థం కాకుండా పోతుందా అని చూస్తారు.

అయితే అడవిని ఇంత నిర్దాక్షిణ్యంగా నరకడానికి సారుకు ధైర్యం ఎక్కడిది? ఆయన నలభై పేజీలు ముందుకు తిప్పినట్టు ఒక్కసారిగా కాగితాలు తిప్పి, వేలు ఒక పద్యం మీద పెడతారు. పోరాడి పోరాడి అలసిపోయిన గజరాజు తనలో తాను అనుకునే శార్దూలం అది. అడవిలో ఎన్నో ఏనుగుల గుంపులు నన్ను ఎంతోకాలం గౌరవిస్తుంటే, లెక్కలేనన్ని ఆడ ఏనుగులకు నాథుడినై, చల్లని చందనపు నీడల్లో హాయిగా ఉండక, ఈ నీటి ఆశతో ఇక్కడికెందుకు వచ్చానురా ఈశ్వరా అని వాపోతాడు.

"సూడుండ్రి," అంటారు సారు. "మనం తీసేసిన అడివంతా దీంట్ల ఉన్నది. గుంపులున్నయి, భార్యలున్నరు, నీడ ఉన్నది, దూప ఉన్నది. ఎట్లొచ్చిండో అతనే చెప్పుకుంటున్నడు."

ఇది తెలిసినవాడి కత్తెర. పెద్ద కావ్యంలో ఎక్కడో ఒకచోట పాత్ర తన గతాన్ని తానే తలుచుకుంటుంది. ఆ చోటు పట్టుకుంటే, గతాన్ని వర్ణించిన పద్యాలను నిర్భయంగా వదిలేయవచ్చు. పైగా అదే పద్యం చివర్న ఈశ్వరుడి పేరు మొదటిసారి అతని నోట వస్తుంది. అక్కణ్ణించి స్తుతిలోకి మెట్టు ఒక్కటే.

మొసలి పట్టుకోవడం ఒక వాక్యం. కరి మకరిని, మకరి కరిని అటూ ఇటూ లాక్కునే కందం ఉంచారు, డోలక్ పిల్లవాడికి పరిహారంగా. వెయ్యేళ్ళ పోరు ఒక వాక్యం. అక్కడ తాళాలు పట్టుకున్నవాళ్ళలో ఒకామె నోరు విప్పుతుంది. ఆమెది బీదర్ వైపు పుట్టిల్లు. తెలుగు పద్యాలు కన్నడ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది.

"సారూ, ఒడ్డు మీద ఆ ఆడ ఏనుగుల పద్యం తీసిన్రా?"

తీశారు. ఆ ఆటవెలదిలో మొసలితో పోరాడే భర్తను వదిలి పోలేక, కాళ్ళు రాక, ఆడ ఏనుగుల గుంపు అలా చూస్తూ నిలబడుతుంది. సారు పరీక్ష ప్రకారం అది లేకపోయినా కథ నడుస్తుంది. కానీ ఆమె పుస్తకం తన వైపు లాక్కుని, చూపుడు వేలితో ఆ నాలుగు పాదాల కింద గీత గీసినట్టు చేస్తుంది.

"వెయ్యేండ్లు ఒకడే కొట్లాడిండంటే ఎవలు నమ్ముతరు? సూశెటోళ్లు ఉండాలె గద."

సారు ఏమీ అనకుండా అడ్డగీతను రబ్బరుతో చెరిపేశారు. 40 సెకన్లు.

ఇక స్తుతి. కోతలో అసలు కష్టం ఇక్కడే. గజరాజు చేసే ప్రార్థన పెద్దది. జగత్తు ఎవడి వల్ల పుట్టి, ఎవడిలో ఉండి, ఎవడిలో లీనమవుతుందో ఆ ఈశ్వరుణ్ణి శరణు వేడే ఉత్పలమాల నుంచి, లోకాలన్నీ పోయాక పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి కొలిచే కందం దాకా, ఆ తరవాత ఇంకా చాలా దాకా. పాడేవాళ్ళు మామూలుగా ఏం చేస్తారంటే, రాగానికి బాగా వచ్చే రెండు పద్యాలు పాడి, శక్తి కాస్తంత కూడా లేదని మొరపెట్టుకునే ప్రసిద్ధమైన శార్దూలానికి దూకుతారు. తాత ప్రతిపాదన కూడా అదే.

సారు ఒప్పుకోరు. దానికి ఆయన చెప్పే కారణం వినండి. మొదటి ఉత్పలమాలలో గజరాజుకు నమ్మకం ఉంది. మొరపెట్టుకునే పద్యంలో శరణాగతి ఉంది. ఈ రెంటికీ నడుమ పోతన ఒక సందేహాన్ని పెట్టాడు. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, ఆ ఉన్నాడన్నవాడు అసలు ఉన్నాడా అని అడిగే కందం అది. దాని వెంటనే వచ్చే సీసంలో, కలిమిలేములు లేకుండా ఉండేవాడు నాకు మాత్రం లేకపోతాడా, సాధువులకు అడ్డుపడేవాడు నాకు అడ్డుపడడా అని తనను తాను నిలదీసుకుంటాడు. నమ్మకం సందేహమై, సందేహం నిలదీతై, నిలదీత చివరికి మొరగా మారుతుంది. మధ్యవి తీసేస్తే ఏనుగు మొదటి నుంచీ చివరిదాకా ఒకే పాట పాడినట్టుంటుంది, ఒక్క అడుగూ కదలనట్టు. అప్పుడు విష్ణువు ఇంతసేపు ఎందుకు ఆగాడో వినేవాడికి అంతుపట్టదు.

కందం సరే. రెండు నిమిషాల సీసం మీదే గొడవ.

"సీసంల రెండు పాదాలు పాడి గీతి అందుకుందాం సారూ, నిమిషం మిగుల్తది," అంటుంది అమ్మాయి. తప్పుడు ఆలోచనేం కాదు, చాలా వేదికల మీద సీసం గతి అంతే. ఇంకొందరు నాలుగు పాదాలూ పాడి గీతిని ఎగరగొడతారు. అది మరీ అన్యాయం. ఈ సీసంలో పైన నాలుగు పాదాల్లో ప్రశ్నలుంటే, ఆ ప్రశ్నలన్నీ దగ్గరికి వచ్చి గీతి ఆఖరి పాదంలో నాలుగు పొట్టి ప్రశ్నలవుతాయి. వినడా, చూడడా, తలచడా, త్వరగా రాడా అని. పాదం పాదానికీ ఊపిరి కుదించుకుపోతూ వచ్చి అక్కడ పడుతుంది. పైన సగం కోస్తే కిందికి ఆ ఒత్తిడి రాదు.

సారు గీత ఎక్కడా గీయలేదు. "పద్యం లోపల కత్తి పెట్టొద్దు బిడ్డా. ఉంచితే మొత్తం ఉంచుదాం, తీస్తే మొత్తం తీద్దాం."

ఆ నిమిషం వేరేచోట దొరికింది. మొరపెట్టుకునే శార్దూలం తరువాత, దేవుణ్ణి సంబోధన మీద సంబోధనతో పిలిచే ఉత్పలమాల ఇంకొకటి ఉంది. తీయనైన పద్యం, తాతకు పేరు తెచ్చిన పద్యం కూడా. కానీ శార్దూలం చివరి పాదంలోనే రావయ్యా, కాపాడవయ్యా అనే పిలుపు వచ్చేసింది. పిలుపు ఒకసారి చాలు. రెంటిలో ఏది ఉండాలంటే, ప్రాణాలు తప్పుతున్నాయనీ ఒళ్ళు సొమ్మసిల్లుతోందనీ చెప్పేది ఉండాలి. తాత కాసేపు మాట్లాడలేదు. బీడీ కట్ట తీసి, గుడిలో ఉన్నానని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"సరే తియ్యి. పొద్దుగాల ఇంట్ల పాడుకుంట."

ఈలోగా బీదర్ ఆమెకు ఒక అనుమానం వచ్చింది. ఏనుగుకు ఇంత వేదాంతం ఎట్లా తెలుసు? మంచి ప్రశ్న. పోతన దీనికి జవాబు స్తుతికి ముందు సగం, కథ చివర సగం చెప్పాడు. పూర్వజన్మ పుణ్యం వల్ల జ్ఞానం కలిగిందని ముందు. ఆ పూర్వజన్మలో అతను ఇంద్రద్యుమ్నుడనే ద్రవిడ రాజనీ, అగస్త్యుడి శాపంతో ఏనుగయ్యాడనీ తరవాత. చివరి కథకు వీళ్ళ దగ్గర చోటు లేదు. అందుకని అమ్మాయి, ఇంద్రద్యుమ్నుడి సంగతి స్తుతికి ముందే ఒక వాక్యంలో చెప్పేద్దామంటుంది. సారు తల అడ్డంగా ఊపుతారు. ముందే రాజని చెప్పేస్తే మొర పెట్టేది రాజవుతాడు, ఏనుగు మాయమవుతుంది. అందుకే స్తుతికి ముందు 'పూర్వజన్మ పుణ్యం' అన్న మాట వరకే. పేరు, శాపం చివరికి. కవి దాచిన చోటే దాచాలి, కాస్త చిన్న మూటగా.

టీ వచ్చింది. స్టీలు గ్లాసులు, అల్లం దట్టంగా. ఈ నేల అల్లం పండే నేల, టీలో పిసినారితనం చేయరు.

టీ తాగుతూ ఒక చిన్న ఆటవెలది దగ్గర ఆగారు. 30 సెకన్లు, రాగానికి లొంగదు, పాడి చప్పట్లు కొట్టించుకునే పద్యం కాదు. మొర విన్నా బ్రహ్మాదులు ఊరకే ఉన్నారు, ఎందుకంటే విశ్వమంతా తామే అయినవాళ్ళు కారు గనక. విశ్వమయుడైన విష్ణువు అడ్డుపడదామనుకున్నాడు. ఇంతే దాని సంగతి. టిక్కులు పెట్టినప్పుడు దాన్ని ఒక్కరూ ఎంచుకోలేదు.

కానీ అది లేకుండా కథ చెప్పి చూడండి. గజరాజు స్తుతిలో విష్ణువు పేరెత్తి పిలవడు. అందరికీ మూలమైనవాడు ఎవడో వాణ్ణి పిలుస్తాడు. అంతకుముందు అలసటలో, ఏ వేల్పును తలుచుకోవాలి, ఎవరిని పిలవాలి అని అడుగుతాడు కూడా. ఆ ప్రశ్నకు జవాబు ఈ ఆటవెలదే. ఇది తీసేస్తే, ఎవరినో పిలిస్తే ఎవరో వచ్చినట్టవుతుంది. సంస్కృత భాగవతంలో కూడా ఈ మాట సరిగ్గా ఈ చోటే ఉంది, స్తుతి ముగిసి హరి వచ్చే సందులో. ఏ వేల్పు అని అడిగే శార్దూలమూ, ఈ ఆటవెలదీ జంట. సారు రెంటినీ కలిపి చుట్టి బ్రాకెట్టు పెట్టారు. ఆటవెలదిని రాగం లేకుండా, మాటలా చదవాలని నిర్ణయం.

తరవాతి జంటను విడదీయాలని ఎవరూ అనరు. వైకుంఠపురంలో నగరి మూలనున్న సౌధం, ఆ వర్ణన మత్తేభం పొడవునా సాగి సాగి, చివర్న కంగారుపడ్డవాడై అన్నంత వరకు వచ్చి ఆగుతుంది. ఏం చేశాడో ఆ పద్యం చెప్పదు. క్రియ తరువాతి మత్తేభంలో ఉంది. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతికి తీసుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెవిమీది జుట్టు సర్దుకోలేదు, ప్రణయకలహంలో పట్టుకున్న ఆమె పైట చెంగు కూడా వదల్లేదు. మొదటిది పాడి, చప్పట్ల కోసం ఆగి, రెండోదానికి మళ్ళీ శ్రుతి చూసుకునే గాయకులను చూశాను. వాక్యం మధ్యలో మనిషిని నిలబెట్టి టీ తాగడానికి పోయినట్టుంటుంది.

ఇక్కడే గొడవ ముదిరింది. రెండు మత్తేభాల తరవాత ఇంకో మత్తేభం ఉంది. ఆయన వెంట లక్ష్మి, ఆమె వెంట అంతఃపుర స్త్రీలు, వాళ్ళ వెనుక గరుత్మంతుడు, పక్కన విల్లూ గదా శంఖమూ చక్రమూ, నారదుడు, సేనాపతి, వైకుంఠంలోని పిల్లా పెద్దా అందరూ బయలుదేరి వచ్చారని. ఆ పక్కనే లక్ష్మిని గురించిన సీసం ఉంది. ముంగురులు సవరించుకుంటుంటే తుమ్మెదలు మొహం నిండా ముసురుతుండగా, మబ్బు వెనుక మెరుపుతీగలా ఆమె పరుగు పరుగున అతని వెంట వస్తున్న ఒయ్యారం. తాళాలామెకూ తాతకూ సీసం కావాలి. మోహనలో పాడితే మండపం ఊగుతుంది. అమ్మాయి లెక్క ప్రకారం రెండూ పట్టవు.

"ఊరేగింపుది తియ్యి. అందులో ఏమున్నది, పేర్లే గద," అంటాడు డోలక్ పిల్లవాడు.

సారు కూడా పెన్సిలు ఎత్తారు. గీత పడబోతుండగా తాత మోకాలి మీద చెయ్యేసి ఆపాడు.

"ఆగు సారూ. ముందటి పద్యంల చక్రం పట్టుకోలేదంటిమి. ఇప్పుడు మొసలి తల తెగాలె. మరి చక్రం యాడికెళ్లి వచ్చింది?"

ఒక ట్రాక్టరు పోయే చప్పుడు తప్ప మండపంలో ఇంకేమీ వినపడదు. సారు పుస్తకం తన ఒడిలోకి తీసుకుని నాలుగు పద్యాలూ వరసగా చదువుతారు, పెదాలు మాత్రం కదుపుతూ. చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు.

తాత పట్టుకున్నది చిన్న విషయం కాదు. సంస్కృతంలో ఈ చిక్కు లేదు. అక్కడ హరి గరుత్మంతుడి మీద, చక్రం ధరించే వస్తాడు. లక్ష్మి ఊసే లేదు. చేతులు ఖాళీగా, చెంగు పట్టుకుని పరుగెత్తే విష్ణువు పోతన సొంత కల్పన. ఖాళీ చేతులతో బయలుదేరదీశాడు కనుక, ఆయుధాలను వెనుక నుంచి నడిపించుకు రావలసిన పూచీ ఆయనదే. అందుకే ఆ ఊరేగింపు పద్యం. పేర్ల జాబితాలా కనిపిస్తుంది కానీ, ఆ జాబితాలో చక్రం ఉంది, శంఖం ఉంది, గరుత్మంతుడున్నాడు. ముందు పద్యంలో తీసుకోలేదని చెప్పినవన్నీ ఇక్కడ వాటంతట అవే వచ్చి చేరుతున్నాయి.

ఈ చోట తెలుగునాట ఒక చాటుకథ చెప్పుకుంటారు. ఆయుధం లేకుండా పోయి నీ విష్ణువు ఏం చేస్తాడయ్యా అని శ్రీనాథుడు పోతనను ఎగతాళి చేశాడట. పోతన ఏమీ అనకుండా బావిలో పెద్ద రాయి పడేసి, నీ బిడ్డ నూతిలో పడ్డాడని కేకేశాడట. శ్రీనాథుడు చేద, తాడు ఏమీ లేకుండా పరుగెత్తాడట. చక్కని కథే. కానీ దాన్ని చెప్పేవాళ్ళు పుస్తకంలో ఇంకొక పద్యం ముందుకు చదవలేదేమోననిపిస్తుంది. ఎగతాళికి జవాబు బావిలో వెతకక్కరలేదు, ఊరేగింపు పద్యంలోనే ఉంది. బహుశా వాళ్ళు విన్నది కూడా ఎవరో కుదించి పాడిందేనేమో.

ఊరేగింపు నిలిచింది, సీసం పోయింది. సీసంతో పాటు ఇంకొకటి కూడా పోవలసి వచ్చింది. కథ చివర్లో విష్ణువు నవ్వుతూ లక్ష్మిని అడుగుతాడు, నీ చెంగు వదలకుండా లాక్కొచ్చినందుకు ఏమనుకున్నావని. ఆమె పరుగు పాడకుండా ఈ ముచ్చట పాడితే అతుకు కనిపిస్తుంది. తాళాలామె మొహం చిన్నబోయింది. ఇక్కడ సారు లొంగలేదు, ఊరేగింపు పద్యంలో లక్ష్మి పేరు మొదట వచ్చే చోట మాత్రం ఆమెను ఒక్కదాన్నే పాడమన్నారు. అరనిమిషం కూడా ఉండదు. ఆమె తల ఊపింది, సంతోషంగా కాదు.

ఊరేగింపు పద్యాన్ని రాగం లేకుండా, డోలక్ మీద నడకలో వేగంగా పాడితే 40 సెకన్లు. అందులో చక్రమనే మాట రాగానే పిల్లవాడు ఒక్క దెబ్బ గట్టిగా వేస్తాడు. ఎందుకో జనానికి అప్పుడు తెలియదు. తరువాతి పద్యంలో తెలుస్తుంది.

చక్రానికి రెండు పద్యాలున్నాయి. ఒకటి దాన్ని పంపడం, ఒకటి అది తల నరకడం. కథ ప్రకారం చూస్తే నరికేదే ముఖ్యం. కానీ నరికిందని మామూలు మాటల్లో చెప్పవచ్చు. పంపే మత్తేభంలో 'క్ర' అక్షరం తిరిగి తిరిగి వచ్చి, చివరి మాట చక్రమై ఆగే ఆ మోత మాత్రం మాటల్లో చెప్పడానికి కుదరదు. కనుక పంపడం పాట, నరకడం మాట. మొసలి హూహూ అనే గంధర్వుడనీ, దేవలుడి శాపం తీరి తన లోకానికి పోయాడనీ, ఏనుగు ఇంద్రద్యుమ్నుడనీ, విష్ణు రూపం పొంది ఆయన వెంట పోయాడనీ నాలుగు వాక్యాలు. మొసలి సంగతి ఒక వాక్యమైనా ఉండాలని బీదర్ ఆమె అడిగి చెప్పించుకుంది. లేకపోతే చచ్చిపోయిన మొసలి చచ్చిపోయినట్టే మిగిలిపోతుంది.

ఇప్పుడు మొత్తం ఒకసారి. అమ్మాయి స్టాప్‌వాచీ నొక్కింది. మీరు ఫోను తీయకండి, తాతకు చిరాకు. కందం, మాటలు, లాగుడు కందం, ఒడ్డున ఆడ ఏనుగులు. ఏ వేల్పు అనే శార్దూలం. అడవిని తలుచుకునే శార్దూలం దగ్గర సారు రాగం కాస్త నెమ్మది చేశారు, తీసేసిన నలభై పద్యాల బరువు ఇది మోయాలి కదా. ఉత్పలమాల, సందేహపు కందం, సీసం, మొర. తాత నాలుగో పాదం చివర రాగం ఎత్తాడు, అమ్మాయి చెయ్యి ఊపింది, ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. 20 సెకన్లు అదనం. ఆటవెలది మాటగా. రెండు మత్తేభాలు ఒక్క ఊపిరిలా. ఊరేగింపు, డోలక్ దెబ్బ. చక్రం. చివరి మాటలు.

18 నిమిషాల 40 సెకన్లు.

"పాంచజన్యం పద్యం పడ్తది," అంటాడు తాత వెంటనే. హరి శంఖం పూరించే శార్దూలం, నిమిషం. శంఖం కూడా ఊరేగింపులో వచ్చింది కనుక దానికి అభ్యంతరం లేదు. కానీ మైకు సర్దడానికి, దండలు తీసి పక్కన పెట్టడానికి కొంత పోతుంది. అది పాడితే 20 అంచు మీద నిలబడుతుంది.

సారు కాగితం మీద దాన్ని రాసి చుట్టూ గడి గీశారు. చక్రం పద్యం అయ్యేసరికి ఫోను 17 నిమిషాల లోపు చూపిస్తే అమ్మాయి తలూపాలి, అప్పుడు శంఖం. లేదంటే నేరుగా మాటల్లోకి. నిర్వాహకులు ముందే గంట కొడితే ఏం చేయాలో కూడా తేల్చుకున్నారు. ఏ పద్యంలో ఉన్నా అది పూర్తిచేసి, హూహూ గంధర్వుడి వాక్యం నుంచి అందుకుని ముగించాలి. ఒక్క షరతు. వైకుంఠం జంటలో ఉన్నప్పుడు గంట కొడితే విననట్టే ఉండి, ఊరేగింపూ చక్రమూ దాటాకే ఆగాలి.

"గంట కొట్టేటోన్తోని నేను మాట్లాడ్త," అంటాడు డోలక్ పిల్లవాడు. "మా బావనే."